చక్‌లో కీ ఉంటే చెయ్యి కీ మీదే

ప్రశ్న: మాస్టారూ, విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్‌లో 18 ఏళ్లుగా టర్నర్‌గా చేస్తున్నాను. ఆరు లేత్‌లు, నలుగురు కొత్త కుర్రాళ్లు. పోయిన నెల వాళ్లలో ఒకడు చక్‌లో కీ వదిలేసి లివర్ ఎత్తాడు. కీ ఎగిరి గోడకు కొట్టుకుంది. అక్కడ మనిషి లేడు కాబట్టి సరిపోయింది. మర్నాడు ఓనర్ పిలిచి, "మెషిన్ ఎలా నడపాలో తెలుగులో ఒక మాన్యువల్ రాయి, అందరితో సంతకాలు పెట్టించు" అన్నాడు. నేను ఐటీఐ చదివినవాణ్ని. మూడు పేజీలు రాశాను. కుర్రాళ్లు చదివి నవ్వుకున్నారు. రేపు ఎవడి వేలో పోతే, "సంతకం పెట్టావుగా" అని వాడి మీదే తోసేస్తారని నా భయం. రాయనంటే తప్పు నా మీదకొస్తుంది. రాయాలా వద్దా? రాస్తే ఎలా రాయాలి? ఆ మూడు పేజీలు జతచేశాను.

జవాబు:

మీ మూడు పేజీలూ చదివాను. కుర్రాళ్లు నవ్వారంటే వాళ్ల తప్పేం లేదు. "యంత్రమును ప్రారంభించుటకు ముందు అన్ని భాగములను పరిశీలించవలెను" అని రాశారు. ఏ భాగం? ఎలా పరిశీలించాలి? బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? మీరు రోజూ ఆ కుర్రాళ్లతో మాట్లాడే భాషలో "ఒరేయ్, ఆయిల్ గ్లాసులో గీత దాకా ఉందా చూడు" అంటారు కదా, అదే మాన్యువల్. పాఠ్యపుస్తకం భాష పక్కన పెట్టేయండి. నేను టర్నర్ ట్రేడ్ పాఠం చెప్పినన్నాళ్లూ చూసింది ఇదే: చదివినవాడి చెయ్యి కదలకపోతే ఆ వాక్యం ఉన్నా లేనట్టే.

రాయాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ కీ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ మాన్యువల్ మొదలవ్వాల్సింది అక్కడి నుంచే.

ఆ కుర్రాడు కీ ఎందుకు వదిలాడు? నేను అక్కడ లేను గానీ, ఇలాంటివి చూశాను. జాబ్ బిగిస్తుంటాడు. ఒక జా దగ్గర బిగించి, కీ అలాగే ఉంచి, జాబ్ తిన్నగా ఉందో లేదో చూడటానికి వంగుతాడు. లేదా ఎవరో పిలుస్తారు. తిరిగొచ్చేసరికి బిగించడం అయిపోయిందన్న గుర్తే మిగులుతుంది, కీ గుర్తుండదు. నిర్లక్ష్యం కాదది, చెయ్యి వదిలిన క్షణం. "జాగ్రత్తగా ఉండవలెను" అన్న వాక్యం ఆ క్షణాన్ని పట్టుకోలేదు. దాన్ని పట్టుకునే వాక్యం ఒకటే: "చక్‌లో కీ ఉంటే నా చెయ్యి కీ మీదే ఉంటుంది. చెయ్యి తీస్తే కీ కూడా బయటికొస్తుంది." ఎవరు పిలిచినా, ఫోన్ మోగినా అంతే.

దీనికి తోడు ఇంకో పని. ప్రతి లేత్ హెడ్‌స్టాక్ పక్కన గోడకో స్టాండ్‌కో ఒక కొక్కెం కొట్టించండి. కీ ఇల్లు అదే. టూల్ ట్రే మీద కాదు, హెడ్‌స్టాక్ మీద అసలు కాదు, అదురుకు జారి తిరిగే చక్ మీద పడుతుంది. ఇప్పుడు స్టార్ట్ చేసే ముందు చూడాల్సిన మొదటి లైన్ ఇలా అవుతుంది: "కొక్కెం ఖాళీగా ఉంటే లివర్ ముట్టుకోను." వెతకాల్సిన పని లేదు, ఒక్క చూపు చాలు.

స్ప్రింగ్ ఉన్న కీ కూడా దొరుకుతుంది. చెయ్యి తీయగానే స్ప్రింగ్ దాన్ని బయటికి తోసేస్తుంది. మంచిదే. కానీ బిగించేటప్పుడు నొక్కి పట్టుకోవాలి కాబట్టి కుర్రాళ్లకు చిరాకు. నాలుగు వారాలు పోయాక చూస్తే స్ప్రింగ్ మాయమై ఉంటుంది. మీరు కొనిపిస్తే, స్ప్రింగ్ ఉందో లేదో వారానికోసారి మీరే నొక్కి చూడాలి.

మీరు మూడో పేజీలో "కీ ఎగిరిన ప్రమాదకరము" అని వదిలేశారు. ఎంత ప్రమాదమో చెబితే వాళ్ల మనసులో నిలుస్తుంది. కీ పైకొస తిరిగే మధ్య నుంచి పావు మీటరు దూరంలో ఉందనుకోండి. 400 ఆర్‌పీఎం మీద ఆ కొస వేగం సెకనుకు 10 మీటర్ల పైనే, అంటే గంటకు దాదాపు 38 కిలోమీటర్లు. ఇనుప కీ ఆ వేగం అందుకునేలోపే బెడ్‌కు కొట్టుకుని ఎగరొచ్చు, అది వేరే సంగతి. బందరు రోడ్డు మీద బైకు వేగంతో ఇనుప ముక్క ఛాతీకి వస్తోందని చెప్పండి, ఏ కుర్రాడూ నవ్వడు.

ఇక స్టార్ట్ చేసే ముందు చూసేవి. మీరు 14 రాశారు. అందులో సగం మీరే రోజూ చెయ్యరు, నిజం చెప్పండి. నేనైతే కొక్కెం తర్వాత నాలుగే ఉంచుతాను, కానీ మనిషి నడిచే క్రమంలో. మెయిన్ ఆఫ్‌లో ఉండగా, మొదట ఒంటి మీద: చొక్కా చేతులు మోచేయి పైకి మడిచి ఉన్నాయా, ఉంగరం, వాచీ తీశాడా, కాళ్లకు బూట్లున్నాయా. చేతికి కట్టిన దారాల దగ్గర మాత్రం కాస్త సున్నితంగా ఉండాలి. తిరుపతి నుంచో కనకదుర్గమ్మ గుడి నుంచో వచ్చిన దారం తెంపేయమంటే ఎవడూ వినడు. మెడలో గొలుసు లోపల వేసుకున్నట్టే, దారం కూడా మోచేయి పైకి జరిపి మడిచిన చొక్కా లోపల దాచమనండి, అంతే. వదులుగా మణికట్టు దగ్గర వేలాడకూడదు, చక్ దాన్ని అందుకుంటే చేతిని కూడా లాగేసుకుంటుంది.

రెండోది హెడ్‌స్టాక్ ఆయిల్ గ్లాసు, గీత దాకా ఉందా. మూడోది బెడ్ మీద పనికిరాని సామాను, స్పానర్, వెర్నియర్, టీ గ్లాసు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం, మీ పేజీల్లో లేదు. జాబ్ బిగించి, టూల్ సర్దాక, టూల్‌ను కట్ ముగిసే చోటి దాకా, అంటే చక్ వైపు చివరి దాకా తీసుకెళ్లండి. లివర్ న్యూట్రల్‌లో ఉంచి చక్‌ను చేత్తో ఒక పూర్తి రౌండు తిప్పాలి. మూడు జాలూ టూల్ పోస్ట్‌ను దాటుతూ వెళ్లాలి. ఎక్కడైనా టక్కున తగిలితే, ఆ తగిలే చోటు మెషిన్ తిరుగుతుండగా తెలియాల్సింది ఇప్పుడే తెలిసింది. కొత్తవాళ్లు టూల్‌ను జాబ్ మొదట్లో ఉంచి తిప్పి చూస్తారు, అక్కడ ఏమీ తగలదు. ఫీడ్ వేసి, ఫోన్ చూస్తూ నిలబడతారు. టూల్ మెల్లగా జా దాకా వెళ్తుంది. ఆ తర్వాత టూల్ విరుగుతుంది, చక్ జా మీద మచ్చ పడుతుంది, జాబ్ జారితే ఎటు పోతుందో చెప్పలేం. "కట్ ముగిసే చోట ఒక రౌండు చేత్తో" అన్న ఈ లైన్ మీ మాన్యువల్‌లో ఎర్ర అక్షరాల్లో ఉండాలి. తిప్పి చూశాక టూల్‌ను మళ్లీ వెనక్కి తీసుకురావడం మర్చిపోకుండా రాయండి.

ఇవి చూశాక మెయిన్ ఆన్. ఏ కోత లేకుండా అన్నిటికన్నా తక్కువ స్పీడ్ మీద రెండు నిమిషాలు తిప్పి, ఆయిల్ చేరుతోందా, కొత్త శబ్దం ఏమైనా ఉందా వినాలి. గేర్ లివర్ మార్చడం ఆగిన తర్వాతే. ఇందాక షెడ్‌లో ఎలక్ట్రీషియన్ పనిచేసి వెళ్లుంటే చక్ తిరిగే దిశ కూడా చూడమనండి. త్రీ ఫేజ్ వైర్లలో రెండు అటూ ఇటూ అయితే మోటారు వెనక్కి తిరుగుతుంది. మీ పాత లేత్‌లలో చక్ స్పిండిల్ మీద మర మీద బిగిసేదైతే, ఆ వెనక్కి తిరగడంలోనే చక్ వదులై ఊడి రావచ్చు. కాబట్టి ఎలక్ట్రీషియన్ వెళ్లిన రోజు మొదటి స్టార్ట్ మీరే చెయ్యండి, జాబ్ లేకుండా.

స్పీడ్ గురించి మీ పేజీలో సూత్రం రాశారు, బాగుంది, కానీ లెక్క వేయమంటే వాళ్లు వెయ్యరు. ఒకసారి వేసి చూద్దాం. హై స్పీడ్ స్టీల్ టూల్‌తో మైల్డ్ స్టీల్ కోయడానికి నిమిషానికి 30 మీటర్ల కోత వేగం అనుకుంటే,

N = (1000 × V) / (π × D)

డయా 50 మిల్లీమీటర్ల జాబ్‌కు 30,000ను 157తో భాగిస్తే 191 ఆర్‌పీఎం. మీ లేత్ ప్లేటు మీద 191 ఉండదు. దానికి దగ్గరలో తక్కువగా ఏది ఉందో అది పెట్టాలి, ఎక్కువది కాదు. డయా 25 అయితే 382. డయా 100 అయితే 95. జాబ్ లావు రెండింతలైతే స్పీడ్ సగం. కుర్రాళ్లకు కావాల్సింది ఈ ఒక్క మాటా, మీ లేత్‌కు ఉన్న స్పీడ్‌లతో చేసిన చిన్న పట్టికా. ముందు రోజు సన్న పిన్ను చేసిన స్పీడ్ అలాగే ఉంచేసి, ఇవాళ పెద్ద ఫ్లాంజ్ బిగించడం వాళ్లు ఎక్కువగా చేసే తప్పు. అప్పుడు టూల్ కొస కొన్ని సెకన్లలోనే నీలంగా మారి కాలిపోతుంది, చిప్ కూడా నీలం రంగుకు తిరుగుతుంది. ఈ రంగు చూసి ఆపాలని రాయండి. కార్బైడ్ టూల్‌కు లెక్క వేరే, దానికి వేరే పట్టిక పెట్టండి.

మీరు మెషిన్ నడిచేటప్పుడు చేయకూడనివి ఒక పేజీ నిండా రాశారు. అందులో నేను రెండే ఉంచి మిగతావి తీసేస్తాను. మొదటిది చిప్. స్టీల్ కోస్తుంటే పొడవాటి తీగలా వచ్చే చిప్ చేతికి చుట్టుకుంటే రేజర్‌లా కోస్తుంది. గ్లవుజు వేసుకుంటే కోయదని కుర్రాళ్లు అనుకుంటారు, మొదట్లో నేనూ అనుకున్నాను. నా కుడి అరచేతి మీద ఒక గీత ఉంది, నా ఉద్యోగం మొదట్లో వచ్చింది. గ్లవుజుతో చిప్ పట్టుకుని లాగాను. చిప్ గ్లవుజును చుట్టుకుని చక్ వైపు లాక్కెళ్లింది. గ్లవుజు చినిగి ఊడిపోయింది కాబట్టి ఈ రోజు ఈ చేత్తో రాస్తున్నాను. గట్టి గ్లవుజు అయ్యుంటే చెయ్యి కూడా వెళ్లేది. అందుకే తిరిగే లేత్ దగ్గర గ్లవుజు వద్దు. చిప్ తీయడానికి ఒక ఇనుప కొక్కీ, ఒక బ్రష్. కొక్కీ పిడి గుండ్రంగా మూసిన రింగులా ఉండకూడదు, వేలు అందులో ఇరుక్కుని ఉంటే చిప్ కొక్కీని లాగినప్పుడు వేలూ పోతుంది. ఈ చిన్న సంగతి ఎవరూ చెప్పరు.

రెండోది, తిరుగుతుండగా వెర్నియర్ పెట్టడం, ఎమెరీ కాగితం వేలికి చుట్టి రుద్దడం. ఫినిష్ కోసం ఎమెరీ తప్పదు. కానీ కాగితాన్ని జాబ్ చుట్టూ పూర్తిగా చుట్టి రెండు కొసలూ ఒక చేత్తో పట్టుకుంటే అది చేతినీ వేలినీ చుట్టేస్తుంది. పలకలా ఉన్న చెక్క ముక్కకు ఎమెరీ అంటించి పైనుంచి ఆనించమని చూపించండి. చూపించకపోతే రాసినా దండగే.

కరెంటు పోయిన సంగతి మీ పేజీల్లో ఎక్కడా లేదు. మన దగ్గర అది రాయకపోవడం వింతే. కరెంటు పోయింది, కుర్రాడు లివర్ అలాగే ఉంచి టీకి వెళ్లాడు. ఇంకొకడు వచ్చి చక్ మీద చెయ్యి పెట్టి ఏదో చూస్తున్నాడు. అప్పుడు కరెంటొచ్చింది. బటన్ స్టార్టర్ ఉన్న లేత్ అయితే కరెంటు పోగానే లోపలి కాంటాక్టర్ విడిపోతుంది, మళ్లీ బటన్ నొక్కితేనే తిరుగుతుంది. కానీ డ్రమ్ స్విచ్ మీద నేరుగా నడిచే చౌక లేత్‌లు చాలా ఉన్నాయి, అవి కరెంటు రాగానే తిరుగుతాయి. మీ ఆరింటిలో ఏది ఎలాంటిదో ఈ వారమే పరీక్ష చేయండి. చక్‌లో జాబ్ లేకుండా, జాలు లోపలికి బిగించి, అందరినీ పక్కకు పంపి, తక్కువ స్పీడ్ మీద తిప్పండి. బోర్డు దగ్గర మెయిన్ ఆఫ్ చేసి ఆగాక మళ్లీ వేయండి. తానే తిరిగితే దానికి స్టార్టర్ పెట్టించాలి. పెట్టించేదాకా ఆ లేత్ మీద పెద్ద అక్షరాలతో రాయండి: "కరెంటు పోతే ముందు లివర్ న్యూట్రల్, తర్వాత మెయిన్ ఆఫ్, ఆ తర్వాతే టీ."

ఆపేటప్పుడు క్రమమే ప్రధానం. ఫీడ్ తీసి, టూల్‌ను జాబ్ నుంచి వెనక్కి లాగి, ఆ తర్వాత స్పిండిల్ ఆపాలి. టూల్ కోతలో ఉండగానే స్పిండిల్ ఆపేస్తే కార్బైడ్ కొస చిట్లుతుంది. ఇంకా తిరుగుతున్న చక్‌ను అరచేత్తో ఆపే అలవాటు పాత మేస్త్రీలది, మీకూ ఉండొచ్చు. కుర్రాళ్లు మీరు రాసింది కాదు, మీరు చేసింది నేర్చుకుంటారు, కాబట్టి ముందు మీరు మానాలి. మెయిన్ ఆఫ్ అయ్యాకే జాబ్ తీయడం, కీ కొక్కేనికి, బ్రష్‌తో చిప్స్ తుడవడం. కంప్రెసర్ గాలితో ఊదడం త్వరగా అవుతుంది గానీ చిప్స్ కళ్లలోకీ, క్యారేజ్ కింద బెడ్ మీద జారే చోటకీ దూరతాయి. నాలుగేళ్లు పోయాక "బెడ్ అరిగింది" అంటాడు ఓనర్. చివరికి బెడ్ తుడిచి ఆయిల్ రాయడం. మెషిన్‌లో ఏదైనా తేడా కనిపిస్తే చాక్‌తో బోర్డు మీద రాసి వెళ్లాలి, రేపు పొద్దున వచ్చేవాడికి చెప్పడానికి మీరు అక్కడ ఉండకపోవచ్చు.

ఇక సంతకాలు. మూడు దారులున్నాయి.

మొదటిది, ఓనర్ చెప్పినట్టే, కాగితం చేతికిచ్చి మొదటి రోజే సంతకం పెట్టించడం. అయిదు నిమిషాల పని. రేపు దెబ్బ తగిలితే ఓనర్ ఫైల్లో కాగితం ఉంటుంది. కానీ ఆ కుర్రాడికి నేర్పించారని అది రుజువు కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా ప్రమాదకరమైన యంత్రాల దగ్గర 18 ఏళ్ల లోపు వాళ్ల విషయంలో ప్రమాదాలు పూర్తిగా చెప్పాలని, తగిన శిక్షణ ఇవ్వాలని లేదా తెలిసినవాడి పర్యవేక్షణలో ఉంచాలని చెప్పింది. కాగితం మీద సంతకం ఆ శిక్షణ స్థానంలోకి రాదు. ఇందులో మీరు భయపడ్డట్టే జరిగే అవకాశం ఎక్కువ.

రెండోది, సంతకం వద్దు, బోర్డు రాసి గోడకు తగిలించడం. ఎవరి మీదా నింద రాదు, కానీ ఓనర్ ఒప్పుకోడు, కొత్త కుర్రాడు దాన్ని చదివాడా లేదా మీకూ తెలియదు.

మూడోది కష్టమైనది. నా చేతిలో ఉంటే నేను దాన్ని ఎంచుకునేవాణ్ని. ఒక్కో లేత్‌కు ఒక చిన్న పుస్తకం పెట్టండి. ఒక్కో పని ఒక్కో వరుస: కొక్కెం చూడటం, చేత్తో తిప్పడం, స్పీడ్ మార్చడం, కరెంటు పోతే ఏం చేయాలి, ఆపే క్రమం. మీరు చేసి చూపిస్తారు, కుర్రాడు మీ ముందు చేస్తాడు. అతను చేశాక మీరు తేదీ వేసి ముందు సంతకం చేస్తారు, తర్వాత అతను. నేర్పింది ఎవరో, నేర్చుకున్నది ఎవరో, ఏ లేత్ మీదో అన్నీ తెలుస్తాయి. కష్టమేంటంటే ఇక్కడ మీ పేరు మొదట ఉంటుంది. నేర్పకుండా సంతకం చేస్తే దానికి మీరే బాధ్యులు. పని మధ్యలో రోజుకు అరగంట, పది రోజులు పడుతుంది. ఆ సమయం ఇవ్వమని ఓనర్‌ను అడగాలి. ఇవ్వనంటే మొదటి దారే అసలు ఆయన కోరుకున్నదని మీకు తెలిసిపోతుంది, ఆ సంతకాల మీద మీ పేరు వద్దని చెప్పడం సులువవుతుంది.

అదే పుస్తకం మొదటి పేజీలో ఓనర్ చేయాల్సినవి కూడా రాయండి: కొక్కేలు, స్ప్రింగ్ కీలు, కరెంటు రాగానే తిరిగే లేత్‌లకు స్టార్టర్లు, చక్‌కు గార్డ్. వాటి కింద ఆయన సంతకం అడగండి. ఆయన ముఖం మాడ్చుకోవచ్చు. అలాగైతే ఆ జాబితాను విడిగా రాసి, తేదీ వేసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకుని ఇవ్వండి. గొడవ పడకుండానే మీరు అడిగినట్టు ఉంటుంది. నౌకరీ కాపాడుకోవడం కూడా మీ బాధ్యతే కదా, అందుకే ఆయన్ను ఎదిరించమని నేను చెప్పడం లేదు.

రాయడం పూర్తయ్యాక ఒక పరీక్ష చేయండి. అందరికన్నా ఎక్కువ నవ్విన కుర్రాణ్ని పిలవండి. కాగితం చేతికిచ్చి, మీరు పక్కన నిలబడి నోరు మూసుకోండి. అందులో రాసింది మాత్రమే చదువుతూ, జాబ్ లేకుండా, లేత్‌ను స్టార్ట్ నుంచి ఆపేదాకా నడపమనండి. ప్రమాదం అనిపిస్తే తప్ప మాట్లాడకండి. అతను తల ఎత్తి మీ వైపు చూసిన ప్రతి చోటా కాగితంలో ఏదో సరిగ్గా లేదన్నమాట. నా అనుభవంలో మొదట ఆగేది "న్యూట్రల్" దగ్గర. మీ లేత్‌లో లివర్ ఎక్కడుంటే న్యూట్రల్ అవుతుందో అక్కడ ఎర్ర పెయింట్ చుక్క పెట్టి, కాగితంలో "లివర్ ఎర్ర చుక్క మీద" అని మార్చి రాయండి.